నీళ్లడిగినా ఇవ్వొద్దు

ధర్మవరంలో ఒక నేతగాళ్ల ఇల్లు అనుకుందాం. ఇంటాయనకు 52 ఏళ్లు. గుంటమగ్గంలో కాళ్లు దించి పొద్దస్తమానం కూర్చుంటే నడుమూ మోకాళ్లూ పట్టేస్తాయి. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి బిళ్ల పరగడుపున టీతో ఒకటి, రాత్రి ఒకటి, నెలల తరబడి మింగుతున్నాడు. మూడు రోజులుగా విరేచనం తారులా నల్లగా, జిగటగా, ఎన్నడూ లేని వాసనతో అవుతోంది. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. నాలుగో రోజు తెల్లవారుజామున వాంతి చేసుకున్నాడు. డికాషన్ దిగిపోయాక ఫిల్టర్లో మిగిలే కాఫీ పిప్పిలాంటి పలుకులు పడ్డాయి. రాత్రి తిన్నది అరగలేదనుకున్నారు. పావుగంటకు మళ్లీ అయ్యింది. ఈసారి ఎర్రగా, గడ్డలతో.

చెమటలు పట్టి గోడకు జారగిలబడి, భార్యతో ఆయన అన్న మాట ఇది: “గొంతెండుకుపోతాంది. రోంత నీళ్లియ్యే.”

అడిగినవాడికి గుక్కెడు నీళ్లు కాదనడం మన ఇళ్లలో ఎవరి వల్లా కాని పని. చెంబు చేతిలోకి వచ్చేస్తుంది. అయినా ఇక్కడ ఆగాలి. ఆ దాహం ఎండకో ఉప్పుకో పుట్టింది కాదు. ఒంట్లో రక్తం తగ్గిపోతోందని శరీరం పెడుతున్న కేక. పెద్దమనిషి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. అందులో ముప్పావు లీటరు దాటి పోతే నాడి వేగం పెరుగుతుంది, చేతులు చల్లబడతాయి, దాహం మొదలవుతుంది. తాగిన నీళ్లు ఆ లోటు పూడ్చలేవు. రక్తం కారుతున్న పొట్టలోకే వెళ్లి మరో వాంతిగా బయటికొస్తాయి. మనిషి మగతలోకి జారుతున్నప్పుడు ఆ వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే రక్తస్రావానికి తోడు ఊపిరాడని చిక్కు కూడా వచ్చి పడుతుంది. రక్తం కారేది పొట్టలోని పుండు నుంచై, అది పొట్ట గోడను తొలిచేసి ఉంటే తాగినదంతా కడుపు లోపలికి కారిపోతుంది. పైగా ఆసుపత్రిలో ఎండోస్కోపీ గొట్టం లోపలికి దించి రక్తం కారుతున్న చోటును వెతికి మూయాలి. పొట్ట నిండా నీళ్లో మజ్జిగో ఉంటే ఆ చోటు కనపడదు. అందుకని తడిబట్టతో పెదవులు అద్దండి, అంతవరకే.

నీళ్లే వద్దన్నాక మిగతావాటి సంగతి వేరే చెప్పాలా అంటారేమో. చెప్పాలి, ఎందుకంటే ఇరుగుపొరుగు ఊరికే ఉండరు. ఒకరు మజ్జిగ తెస్తారు, ఒకరు నిమ్మకాయ సోడా, ఇంకొకరు కొబ్బరినీళ్లు, చల్లటి పాలు, సబ్జా నీళ్లు, గ్యాస్ సిరప్. ఏదీ నోట్లో పోయొద్దు. విషం తిన్నాడేమోనని ఉప్పునీళ్లు తాగించి కక్కించడం, గొంతులో వేళ్లు పెట్టడం అసలే కూడదు. పొద్దున వేసుకోవాల్సిన బీపీ బిళ్ల, గుండె జబ్బుకు వాడే రక్తం పలచబరిచే బిళ్ల కూడా ఆ పూటకు ఇవ్వకుండా ఆపి, ఆ పట్టీలు సంచిలో వేసుకోండి. వాటిని మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరు చెబుతారు. షుగరు ఉన్నవారైతే ఆ మాట అంబులెన్సు సిబ్బందికి ముందే చెప్పాలి.

నొప్పి అంటున్నాడని వీధి చివర డాక్టరును పిలిచి సూది వేయించడం మరో ప్రమాదం. ఈ ఇంటాయనకు పుండు తెచ్చిపెట్టింది చాలా వరకు డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ జాతి బిళ్లలే. పొట్ట లోపలి పొరను కాపాడే పదార్థాల తయారీని అవి తగ్గిస్తాయి. సూదిగా ఇచ్చినా పని అదే, నోటి ద్వారా పోలేదు కదా అని పొట్టకు మినహాయింపు ఉండదు. రక్తం ఆపే సూది అని ట్రానెక్సామిక్ యాసిడ్ వేసేవారూ ఉన్నారు. పొట్ట, పేగుల రక్తస్రావంలో దాన్ని 15 దేశాల్లో సుమారు 12,000 మంది మీద పరీక్షించి, 2020లో ఫలితం ప్రకటించారు. మరణాలు తగ్గలేదు, సిరల్లో గడ్డలు కట్టడం మాత్రం పెరిగింది. దానికోసం ఒక పావుగంట ఆగడం కూడా దండగ.

మరి చేయాల్సిందేమిటి? ముందు 108. “కడుపునొప్పి, వాంతులు” అంటే అవతలివారికి విషయం అందదు. “రక్తం కక్కుకున్నాడు, రెండుసార్లు, రెండోసారి ఎర్రగా గడ్డలతో, మూడు రోజులుగా నల్ల విరేచనం, ఇప్పుడు తల తిరుగుతోంది” అనాలి. వీధి పేరు, దగ్గరలోని గుడో బడో గుర్తు చెప్పి, ఒక మనిషిని సందు మొదట్లో నిలబెట్టాలి. మగ్గాల సందుల్లో ఇల్లు వెతుక్కోవడానికే నిమిషాలు పోతాయి.

తర్వాత మనిషిని ఎక్కడున్నవాడిని అక్కడే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోరు కొంచెం కిందికి ఉంటే వాంతి బయటికే పోతుంది. వెల్లకిలా పడుకోబెట్టొద్దు, తలకింద ఎత్తు దిండ్లు వద్దు. దుప్పటి కప్పండి. విరేచనానికి వెళ్తానంటాడు, పేగుల్లో రక్తం ఉన్నప్పుడు అది సహజం. లేచి నిలబడితే కళ్లు తిరిగి పడిపోతాడు కాబట్టి పాత గుడ్డలు పరిచి పడుకున్నచోటే కానివ్వాలి. చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని నోరు తుడవండి. స్పృహ తప్పినా ఊపిరి ఉంటే అదే పక్క భంగిమలో ఉంచండి. ఊపిరి ఆగితే వెల్లకిలా తిప్పి, రొమ్ము మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ, 108కు ఆ మాట చెప్పండి.

వాంతి కడిగేయాలని ఇంటివాళ్లు తొందరపడతారు. ముందు ఫోనులో ఫొటో తీయండి. వక్కాకు ఎరుపా, బీట్‌రూటా, దగ్గుతో నురుగుగా పడిన ఊపిరితిత్తుల రక్తమా, నిజంగా పొట్ట రక్తమా అన్నది డాక్టరుకు ఆ ఫొటో చాలావరకు చెప్పేస్తుంది. నల్ల పలుకులు కూడా రక్తమే, పొట్టలోని ఆమ్లం తగిలి రంగు మారింది. కారడం నెమ్మదించిందని దానర్థం కావచ్చు, ఆగిపోయిందనడానికి మాత్రం అది హామీ కాదు. ఈ ఇంటాయన పావుగంటలో నలుపు నుంచి ఎరుపుకు వచ్చాడు.

ఇక ప్రయాణం. రక్తం కక్కినవాణ్ని బైకు మీద ఇద్దరి మధ్యా ఇరికించి తీసుకెళ్లడం మన ఊళ్లలో మామూలే. కూర్చోబెట్టినందుకే మెదడుకు రక్తం చాలక దారిలో సోలిపోతాడు. అంబులెన్సు దగ్గరలో లేదని 108 వాళ్లే చెబితే కారు వెనక సీట్లో పక్కకు పడుకోబెట్టి, తల దగ్గర ఒకరు కూర్చుని బయల్దేరాలి. హిందూపురం వైపు కుటుంబాలకు బెంగళూరు మీద గురి. 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే నేరుగా అక్కడికే పోవచ్చన్న ధీమా. కానీ నరానికి సెలైన్ పెట్టకుండా, బీపీ చూడకుండా వంద కిలోమీటర్ల ప్రయాణం పెట్టుకోవడం జూదం. హిందూపురం జిల్లా ఆసుపత్రి గానీ, పెనుకొండ, ధర్మవరం ప్రభుత్వాసుపత్రులు గానీ ముందు సెలైన్ ఎక్కించి మనిషిని నిలబెట్టాక, ఎండోస్కోపీ ఉన్నచోటికి పంపడం నయం. ఏ ఆసుపత్రికన్న మాట 108 టెక్నీషియన్‌కు వదిలేయండి.

ఆ టెక్నీషియన్‌తో వాదించకండి గానీ ఒక నిజం మాత్రం దాచకుండా చెప్పండి. మనిషి తాగుతాడా, ఇంతకుముందు కామెర్లు గానీ కడుపులో నీరు గానీ వచ్చాయా? లివర్ చెడినవారికి అన్నవాహిక చివర నరాలు ఉబ్బి పగులుతాయి. ఆ రక్తస్రావం పుండు కన్నా ఉధృతం, దానికి వేరే మందు సూదులు, ఎండోస్కోపీతో రబ్బరు రింగులు అవసరం. బంధువుల ముందు పరువని “ఎప్పుడో పండగకు” అంటే వైద్యం అటు మళ్లడానికి గంటలు పడుతుంది. చెవిలో చెప్పినా చాలు. మన నేతగాడి విషయంలో అయితే భార్య చెప్పాల్సింది ఆ టీతో మింగిన బిళ్ల పేరు. పేరు గుర్తులేకపోతే కిటికీలో ఉన్న ఖాళీ పట్టీ చాలు.

రక్తం ఎక్కించాల్సి రావచ్చు కాబట్టి, వెనక బండిలో ఆరోగ్యంగా ఉన్న ఇద్దరు ముగ్గురు బంధువులు వస్తే ఇంకా మేలు. ఫలానా గ్రూపు అని కాగితం చూపినా ఆసుపత్రి మళ్లీ పరీక్షించుకుని, రోగి రక్తంతో కలిపి చూసి గానీ ఎక్కించదు. రక్తనిధిలో నిల్వ తక్కువుంటే ఆ పూట దాతలు వాళ్లే.