లిఫ్ట్ మెయిల్‌లో నీళ్ల కబురు

హైదరాబాద్‌లో 48 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ ఒకటి ఉందనుకుందాం. ఓనర్లలో కొందరు అక్కడే ఉంటారు, కొందరు బెంగళూరులో, ఇంకొందరు డాలస్‌లో. డబ్బుతో ముడిపడ్డ విషయాలకు రికార్డు ఉండాలని మెయిల్‌లోనే మాట్లాడుకుంటారు. కార్యదర్శి ‘కొత్త లిఫ్ట్ – కొటేషన్లు’ అనే సబ్జెక్ట్‌తో ఒక మెయిల్ పెట్టారు. మూడు కంపెనీల ధరల మీద, వారంటీ మీద చర్చ బాగా సాగింది. 37వ మెయిల్‌లో కోశాధికారి అడ్వాన్సు గురించి రెండు ముక్కలు రాసి, కింద ఇంకో మాట చేర్చారు: ‘అన్నట్టు, 20వ తేదీన సంపు కడిగిస్తున్నాం. సాయంత్రం దాకా నీళ్లు రావు. అందరూ ముందే పట్టి పెట్టుకోండి.’

20వ తేదీన చాలా ఇళ్లలో బకెట్లు ఖాళీ. లిఫ్ట్ గొడవ మనకెందుకు, కమిటీ చూసుకుంటుందిలే అనుకున్నవాళ్లు ఆ మెయిల్ తెరవనే లేదు. కొందరైతే థ్రెడ్‌ను ఎప్పుడో మ్యూట్ చేసేశారు. జీమెయిల్‌లో మ్యూట్ చేస్తే, ఆ థ్రెడ్‌లో అందరికీ కలిపి వచ్చే కొత్త రిప్లైలు ఇన్‌బాక్స్‌లో కనిపించకుండా పక్కకు పోతాయి. కోశాధికారి చెప్పలేదని అనడానికి లేదు. కానీ ఆయన చెప్పిన చోట నీళ్ల కబురు ఉంటుందని ఎవరికీ తట్టదు.

పాత మెయిల్‌కే రిప్లై కొట్టడం మనకు అలవాటు కావడానికి కారణం చిన్నదే. అడ్రసులన్నీ అందులో సిద్ధంగా ఉంటాయి. అందుకే కొత్త విషయం వచ్చినప్పుడు కూడా పాతదాన్నే పట్టుకుంటాం. మరి ఎప్పుడు కొనసాగించాలి, ఎప్పుడు కొత్తది మొదలుపెట్టాలి?

మెయిళ్ల లెక్క దీనికి కొలత కాదు. ఏ లిఫ్ట్ కొనాలన్న ఒక్క ప్రశ్న మీదే 60 మెయిళ్లు నడిచినా ఫర్వాలేదు, అవన్నీ ఒక్కచోట ఉండటమే మంచిది. మూడో మెయిల్‌కే మాట సంపు మీదకు మళ్లితే మాత్రం అక్కడే విడగొట్టాలి. చూడాల్సింది ఒకటే: పైన ఉన్న సబ్జెక్ట్ చదివి, లోపల నేను రాయబోయే మాట ఉంటుందని ఎవరైనా ఊహిస్తారా? ఊహించలేరంటే కొత్త మెయిల్ రాయాల్సిందే. ఆర్నెల్ల తర్వాత సంపు ఎప్పుడు కడిగించామో చూద్దామని ‘సంపు’ అని వెతికితే, జీమెయిల్ లోపలి మాటలు కూడా వెతుకుతుంది కాబట్టి ఆ థ్రెడ్ దొరుకుతుంది. కానీ దొరికేది లిఫ్ట్ పేరుతో ఉన్న చాంతాడంత చర్చ. అందులో ఆ ఒక్క వాక్యాన్ని ఏరుకోవాలి.

విషయం దగ్గరిదే అయినా ఒక్కోసారి విడగొట్టక తప్పదు. కంపెనీని ఎంచుకోవడం అయిపోయింది, ఇక పని మొదలయ్యే తేదీలు చెప్పాలి. రెండూ లిఫ్ట్ సంగతులే. కానీ మొదటిది ఓనర్లు తేల్చుకోవాల్సిన నిర్ణయం, రెండోది అద్దెకున్నవాళ్లు, వాచ్‌మన్, కాంట్రాక్టరు తెలుసుకోవాల్సిన సమాచారం. చదివేవాళ్లు మారారు కాబట్టి మెయిల్ కూడా మారాలి.

ఇక్కడే అసలు ప్రమాదం పొంచి ఉంటుంది. ఎంపికైన కంపెనీ మనిషిని పాత థ్రెడ్‌లోనే సీసీలో పెట్టి ‘పని ఎప్పుడు మొదలుపెడతారు?’ అని రిప్లై కొట్టారనుకోండి. ఆ రిప్లై కింద అంతకుముందు జరిగిన చర్చంతా వెళ్తుంది. మిగతా రెండు కంపెనీల ధరలూ, ‘బేరమాడదాం, కుదరకపోతే ఇంకో యాభై వేలు ఇద్దాం’ అని కమిటీ లోపల అనుకున్న మాటా ఆయన తాపీగా చదువుకోవచ్చు. పాత మాటలను జీమెయిల్ మూడు చుక్కల వెనక ముడిచి పెడుతుంది కాబట్టి పంపేవాళ్లకు ఆ తోక కళ్లబడదు. కొత్త మనిషిని కలుపుతున్నప్పుడు ఆ చుక్కలు నొక్కి కింద ఏముందో చూడండి. ఆయన చూడకూడనిది ఒక్క ముక్క ఉన్నా రిప్లై వద్దు.

సబ్జెక్ట్ గడిలో పేరు మార్చి రిప్లై కొడితే సరిపోదా అని అడగొచ్చు. ఎప్పుడూ సరిపోదు. ప్రతి మెయిల్‌కూ మనకు కనిపించని ఒక గుర్తింపు ఉంటుంది. రిప్లై కొట్టగానే అది దేనికి జవాబో తెలిపే గుర్తులు కూడా దానికి అంటుకుంటాయి. లిఫ్ట్ మెయిల్‌కు రిప్లై కొట్టి పేరు మార్చితే లోపల ఇలా ఉంటుంది:

```
Subject: సంపు శుభ్రం - 20న నీళ్లు రావు
In-Reply-To: <lift37@example.com>
References: <lift1@example.com> <lift37@example.com>
```

పేరు సంపుదే, కానీ పుట్టుక లిఫ్ట్ థ్రెడ్‌లోనే. సబ్జెక్ట్ మారితే జీమెయిల్ దాన్ని వేరే థ్రెడ్‌గా చూపిస్తుంది. థండర్‌బర్డ్ లాంటి ప్రోగ్రాములు మాత్రం ఈ లోపలి గుర్తులను నమ్మి పాత చర్చ కిందే వేలాడదీస్తాయి. అందులో లిఫ్ట్ చర్చను పట్టించుకోనివాళ్లకు ఇదీ కనబడదు. పైగా పేరు మార్చినా కింది తోక అలాగే ఉంటుంది. జీమెయిల్‌లో ఏ మెయిల్‌కైనా మెనూలోని ‘Show original’ నొక్కితే ఈ గుర్తులు చూడొచ్చు.

కాబట్టి కంపోజ్ నొక్కి ఖాళీ మెయిల్‌తోనే మొదలుపెట్టాలి. అడ్రసులు మళ్లీ కొట్టడం బెడద అనిపిస్తే, కాంటాక్ట్స్‌లో ఓనర్లందరికీ ఒక లేబుల్ పెట్టుకుంటే చాలు. ‘To’ గడిలో ఆ లేబుల్ పేరు కొడితే అందరి అడ్రసులూ వచ్చేస్తాయి. సబ్జెక్ట్‌లో విషయమూ తేదీ రెండూ ఉండాలి. పాత చర్చతో సంబంధం ఉంటే, చదివేవాళ్లు వెనక్కి వెళ్లే పని లేకుండా మొదటి రెండు వాక్యాల్లో సారం చెప్పేయాలి. లిఫ్ట్ పనుల మెయిల్ ఇలా ఉండొచ్చు: ‘కొత్త లిఫ్ట్ కంపెనీని ఓనర్లు ఖరారు చేశారు. 5వ తేదీ నుంచి ఎ బ్లాక్ లిఫ్ట్ ఆగిపోతుంది. ఈ మెయిల్ పని తేదీల గురించి మాత్రమే.’ కొటేషన్ల మీది కాగితాలు అవసరమైతే వాటిని విడిగా అటాచ్ చేయాలి. పాత మెయిల్‌ను ఫార్వర్డ్ చేస్తే తోక మళ్లీ వెంట వస్తుంది.

ఇంకో పని మిగిలి ఉంటుంది. పాత థ్రెడ్‌లో ‘కంపెనీ ఖరారైంది. పని తేదీల సంగతి ‘లిఫ్ట్ పని తేదీలు’ అనే కొత్త మెయిల్‌లో చూడండి, ఇక్కడ జవాబులు వద్దు’ అని ఒక ముగింపు రాయాలి. ఇది రాయకపోతే సగం మంది పాతదానిలో, సగం మంది కొత్తదానిలో మాట్లాడతారు. తర్వాత ఎవరు ఏది ఒప్పుకున్నారో తేల్చడానికి రెండూ తిరగేయాలి.

కొత్త మెయిల్ మొదలుపెట్టకూడని సందర్భం కూడా ఒకటుంది, అది ఫిర్యాదులది. కస్టమర్ కేర్‌కు రాస్తే చాలా చోట్ల సబ్జెక్ట్‌లో ఒక నంబరు వేసి జవాబిస్తారు. వాళ్ల సాఫ్ట్‌వేర్ ఆ నంబరును బట్టే మన మెయిళ్లను ఒక కేసు కింద చేరుస్తుంది. విసుగొచ్చి ‘ఇంకా నా డబ్బు రాలేదు’ అని కొత్త మెయిల్ పంపితే దానికి కొత్త నంబరు పడి, కేసు మళ్లీ మొదటికొస్తుంది. అదే గొడవ మీద ఎన్నిసార్లు రాసినా పాత మెయిల్‌కే రిప్లై కొట్టాలి, సబ్జెక్ట్‌లో ఒక్క అక్షరం మార్చకూడదు. గొడవ వేరైతే మాత్రం మూసేసిన పాత కేసులో దాన్ని ఇరికించకుండా కొత్త మెయిల్ రాసి, కొత్త నంబరు తీసుకోవాలి.