జేడీలో ఒక్కో వాక్యానికి ఒక్కో రుజువు

జూనియర్ డేటా అనలిస్ట్ ఉద్యోగాల జాబ్ డిస్క్రిప్షన్లలో, అంటే జేడీల్లో, మూడు మాటలు తరచూ కనిపిస్తాయి. ఎస్‌క్యూఎల్‌తో డేటా తీయాలి, అందులోని తప్పులు సరిచేయాలి, రిపోర్టు తయారుచేసి వివరించాలి. ఫ్రెషర్ రెజ్యూమెలో వీటికి జవాబుగా సాధారణంగా ఉండేది ఒకే లైను: ‘సేల్స్ డాష్‌బోర్డ్ ప్రాజెక్టు – ఎస్‌క్యూఎల్, ఎక్సెల్, పవర్ బీఐ’. ఏ సాఫ్ట్‌వేర్ వాడారో తెలిసింది గానీ, అడిగిన పని వచ్చో రాదో తెలియలేదు.

అందుకే జేడీలో ముందు క్రియలు వెతకాలి. తీయడం, సరిచేయడం, వివరించడం. వాటిని ఒక వరుసలో రాసుకుని, ఒక్కోదాని పక్కన మీరు ఆ పని ఎక్కడ చేశారో రాయండి.

ఒక విద్యార్థి మందుల షాపు ఏడాది బిల్లులతో ప్రాజెక్టు చేశాడనుకుందాం. బిల్లుల పట్టికనూ చెల్లింపుల పట్టికనూ కలిపితే అమ్మకాల మొత్తం అసలు కన్నా ఎక్కువొచ్చింది. బిల్లుల పట్టికను విడిగా కూడి చూస్తే తేడా బయటపడింది. రెండు విడతల్లో డబ్బు కట్టిన బిల్లు రెండుసార్లు లెక్కలోకి వస్తోంది. ముందు బిల్లువారీగా చెల్లింపులు కూడి, ఆ తర్వాత పట్టికలు కలిపితే లెక్క సరిపోయింది. రెజ్యూమెలోకి రావలసింది ఈ సంగతే: ‘12 నెలల బిల్లుల్లో రెండుసార్లు లెక్కకొస్తున్న మొత్తాలను ఎస్‌క్యూఎల్‌తో గుర్తించి సరిచేశాను’. జేడీలోని మొదటి రెండు మాటలకూ ఇది రుజువు. ఇంటర్వ్యూలో ‘ఎలా గుర్తించావు?’ అంటే చెప్పడానికి కథ కూడా ఉంది.

మూడోది ఇంటర్న్‌షిప్‌లో దొరకొచ్చు. వారంవారం స్టాకు రిపోర్టు ఇస్తుంటే, గడువు దగ్గరపడ్డ సరుకు పైన కనిపించాలని మేనేజర్ అడిగారు, మార్చి ఇచ్చాడు. ‘2 నెలలు ఇంటర్న్‌గా పనిచేశాను’ అనడం కన్నా ఈ చిన్న మార్పే ఎక్కువ చెబుతుంది. నలుగురు కలిసి చేసిన ప్రాజెక్టయితే తన వంతు ఏమిటో విడిగా రాయాలి. ‘మేం చేశాం’ అంటే ‘మరి నువ్వేం చేశావ్?’ అనే ప్రశ్న తప్పదు.

చేసిన పనికి జేడీలో ఉన్న పేరే వాడండి. చాలా కంపెనీల్లో దరఖాస్తులను ఆ పదాలతోనే వెతుకుతారు. చేయని పనికి మాత్రం ఆ పేరు పెట్టొద్దు. పవర్ బీఐ రాకపోతే, అదే బిల్లుల డేటాతో ఒక చిన్న రిపోర్టు కట్టి, అప్పుడు రాయండి. ఇంటర్న్‌షిప్ నెలలను సాగదీసి ఏడాది అనుభవంగా చూపితే ఆఫరు వచ్చాక జరిగే తనిఖీలో దొరికిపోతారు. ‘కనీసం రెండేళ్ల అనుభవం తప్పనిసరి’ అన్న జేడీలకు ఈ పద్ధతి పెద్దగా పనికిరాదు.

పంపే ముందు రెజ్యూమెలోని గిట్‌హబ్ లింకును లాగిన్ లేకుండా తెరిచి చూడండి. ప్రైవేటుగా ఉండిపోతే, అవతలివారికి మీ ప్రాజెక్టు కనిపించదు.