డిప్ రాడ్ తడికి ఎన్ని లీటర్లు?

పెట్రోల్ బంకులో నేల కింద పడుకోబెట్టిన ట్యాంకు మూత తీసి, అంకెలు చెక్కిన పొడవాటి లోహపు కడ్డీని నిలువుగా అడుగు దాకా దించుతారు. పైకి తీసి తడి ఎక్కడిదాకా ఉందో చూస్తారు. 50 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. ట్యాంకు వ్యాసం 2 మీటర్లు, పొడవు 6.4 మీటర్లు. నిండితే సుమారు 20,100 లీటర్లు పడుతుంది. ఎత్తులో నాలుగో వంతు తడిసింది కదా అని 5,000 లీటర్లు రాసుకుంటే వెయ్యి లీటర్లకు పైగా తేడా వస్తుంది. ఉన్నది 3,930 మాత్రమే.

గుండ్రటి ట్యాంకు అడుగున ఇరుకు, నడుమ వెడల్పు. మట్టం 10 సెంటీమీటర్ల దగ్గర ఉన్నప్పుడు ఒక్క సెంటీమీటరు పెరిగితే 56 లీటర్లు చేరినట్టు. సగం దగ్గర అదే సెంటీమీటరుకు 128 లీటర్లు.

లెక్క పదో తరగతిలో చేసిందే. ట్యాంకును అడ్డంగా కోస్తే వృత్తం, అందులో పెట్రోలు ఒక వృత్తఖండం. కేంద్రం నుంచి మట్టం రెండు కొసలకూ గీతలు గీస్తే మన ఉదాహరణలో వాటి మధ్య కోణం 120 డిగ్రీలు. ఆ సెక్టరు వృత్తంలో మూడో వంతు, 1.047 చదరపు మీటర్లు. అందులోంచి మట్టానికి పైనున్న త్రిభుజం 0.433 తీసేస్తే మిగిలేది 0.614. దాన్ని పొడవుతో గుణిస్తే 3.93 ఘనపు మీటర్లు. ఏ లోతుకైనా పనికొచ్చే సూత్రం ఇది:

```
V = L × [r² × acos((r−h)/r) − (r−h) × √(2rh−h²)]
```

r వ్యాసార్ధం, h తడి లోతు, L పొడవు. అన్నీ మీటర్లలో తీసుకుంటే జవాబు ఘనపు మీటర్లలో వస్తుంది, వెయ్యితో గుణిస్తే లీటర్లు. కాలిక్యులేటరు రేడియన్లలో ఉండాలి. డిగ్రీల్లో ఉంటే ఇదే ట్యాంకులో 3,81,000 లీటర్లున్నాయని చూపిస్తుంది. ఆ తప్పు దానంతటదే బయటపడుతుంది.

బయటపడని తప్పు వాలుది. ట్యాంకు మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున వాలి, డిప్ పైపు పల్లపు కొసన ఉంటే, కడ్డీ నడిమి లోతు కన్నా 3.2 సెంటీమీటర్లు ఎక్కువ చూపుతుంది. సగం నిండిన ట్యాంకులో అది 400 లీటర్ల లేని సరుకు. కడ్డీని ఏటవాలుగా దించినా ఎక్కువే కనిపిస్తుంది. అడుగున నీరు చేరితే అదీ పెట్రోలు లెక్కలోకే వస్తుంది. అందుకే కడ్డీ కొసకు నీరు తగిలితే రంగు మారే పేస్టు రాసి, నీటి మట్టానికి వచ్చే లీటర్లను మొత్తంలోంచి తీసేస్తారు.

పైగా ట్యాంకు మూతలు తరచూ ఉబ్బెత్తుగా ఉంటాయి, ఈ సూత్రం వాటిని బల్లపరుపుగా అనుకుంటుంది. కాబట్టి బంకులో చివరి మాట ఆ ట్యాంకు కోసమే తయారైన డిప్ చార్టుది. పక్క ట్యాంకు చార్టు, కొలతలు ఒకటే అయినా, దీనికి వాడకూడదు.