నీళ్లు బయట, పొడి లోపల: పెరట్లో గుడ్ల బాతులు

బాతులు పెంచాలంటే ఇంటి పక్కన చెరువో కాలువో ఉండాలని చాలామంది అనుకుంటారు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో కోతలైన వరి మళ్ల మీద బాతుల మందలు మేస్తూ పోవడం చూసినవాళ్లకు అలా అనిపించడం సహజమే. కానీ గుడ్ల కోసం పెరట్లో ఓ ఇరవై బాతులు పెంచడానికి చెరువు అక్కర్లేదు. ఈత కొట్టకపోయినా బాతు గుడ్లు పెడుతుంది. తల ముంచుకోవడానికి మాత్రం దానికి నీళ్లు ఉండి తీరాలి. కోళ్ల అనుభవంతో బాతుల్లోకి దిగినవాళ్లు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే.

కోడి నీళ్లను చుక్క చుక్కగా తాగుతుంది. చిన్న మూకుడు పెట్టినా దానికి సరిపోతుంది. బాతు మేత తినే తీరు వేరు. వెడల్పాటి ముక్కుతో దాణా ఎత్తుకుంటుంది, వెంటనే నీళ్ల దగ్గరికి పరుగెత్తి ముక్కు ముంచి జల్లిస్తుంది, మళ్లీ దాణాకి వస్తుంది. పొడి దాణా పెట్టి పక్కన నీళ్లు లేకపోతే గొంతులో ముద్ద అడ్డం పడి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే దాణాను తడిపి పెట్టాలి, నీళ్లు చేరువలోనే ఉంచాలి. ఆ నీళ్లు కళ్లదాకా తల మునిగేంత లోతు, అంటే అయిదారు అంగుళాలు ఉండాలి. ముక్కు రంధ్రాల్లో ఇరుక్కున్న దాణాను, కళ్ల మీద చేరిన మురికిని బాతు అలాగే కడుక్కుంటుంది. లోతు చాలకపోతే కొద్ది రోజుల్లోనే తెలిసిపోతుంది: కళ్ల చుట్టూ జిగురు కడుతుంది, ముక్కు రంధ్రాలు పూడిపోతాయి, ఈకలు మాసి చిందరవందరగా అవుతాయి. తోక మొదట్లో ఉండే నూనె గ్రంథి నుంచి నూనె తీసి ఈకలకు పూసుకునే పక్షి అది. స్నానం లేకపోతే ఆ పని సరిగా సాగదు. రెండు మూడు రోజులకోసారి ఒళ్లు తడుపుకునే వీలు కల్పించినా చాలు.

ఇరవై బాతులకు రెండు వెడల్పాటి టబ్బులు సరిపోతాయి. పీపాను నిలువునా రెండుగా కోసి, అంచులు చేతికి కోసుకోకుండా నున్నగా చేసి వాడుకోవచ్చు. అసలు సమస్య నీళ్లు పోయడం కాదు, పారబోయడం. ఒక్కో బాతు తాగేది రోజుకు లీటరు లోపే అయినా, దాణా, మట్టి, రెట్ట కలిసి టబ్బులో నీళ్లు కాసేపటికే బురద రంగుకు మారతాయి. ఉదయం, సాయంత్రం మార్చాల్సిందే. రెండు టబ్బుల్లో ముప్పయ్యేసి లీటర్లు పడతాయనుకుంటే రోజుకు 120 లీటర్ల మురికినీరు. టబ్బుల కింద కంకర పోసి, అక్కడి నుంచి అరటి పాదుల్లోకో కొబ్బరి చెట్ల మొదట్లోకో చిన్న కాలువ తీస్తే ఆ నీరే ఎరువవుతుంది. దారి చూపకపోతే పెరడంతా రొచ్చవుతుంది, ఈగలు ముసురుతాయి.

ఇంత నీటిని కోరే పక్షి పడుకునే చోటు మాత్రం పొడిగా ఉండాలి. అందుకే నీటి టబ్బులు పగలు తిరిగే ఆవరణలో, షెడ్డుకు దూరంగా ఉండాలి. రాత్రి షెడ్డులో ఒక్కో బాతుకు 4 చదరపు అడుగుల చొప్పున ఇరవైకి 80, అంటే 8 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు. పగలు తిరగడానికి ఒక్కోదానికి 15 చొప్పున 300 చదరపు అడుగులు. ఖాకీ క్యాంప్‌బెల్ వంటి గుడ్ల బాతులు పెద్దగా ఎగరలేవు కాబట్టి ఆవరణకు నడుమెత్తు కంచె చాలు. షెడ్డు నేల చుట్టుపక్కల కంటే అడుగు ఎత్తు లేపాలి. గోడలు మోకాలెత్తు వరకు కట్టి, పైన గాలి ఆడేలా గట్టి ఇనుప జల్లెడ బిగించాలి. కోళ్లు కర్ర మీదెక్కి కునుకుతాయి. బాతులు నేల మీదే పడుకుంటాయి కాబట్టి ముంగిసకు, పందికొక్కుకు, కుక్కకు తేలిగ్గా దొరుకుతాయి. గోడ పునాది దగ్గర ఒక్క కన్నం ఉన్నా ముప్పే.

నేల మీద మూడు నాలుగు అంగుళాల మందాన వరి ఊక పరవాలి. బాతు రెట్టలో నీటిపాలు చాలా ఎక్కువ కాబట్టి కోళ్ల షెడ్డులో కంటే ఊక త్వరగా తడుస్తుంది. తెల్లవారగానే షెడ్డులోకి వెళ్లి బాతు తలెత్తున కూర్చుని చూడండి. కళ్లు మండితే ఆ తడి ఊక తీసేసే వేళ అయినట్టే. అది బాతులు రాత్రంతా పీల్చిన గాలి. తడి నేల మీద పడుకునే బాతుల పొట్ట కింద ఈకలు ముద్దగా అంటుకుపోతాయి, గుడ్లూ మురికిగా వస్తాయి.

గుడ్ల విషయంలోనూ కోడికీ బాతుకీ పోలిక తక్కువ. కోడి పగటిపూట పెట్టి ఊరంతా వినేలా అరుస్తుంది. బాతు చాలావరకు తెల్లవారకముందో, పొద్దున్నే చడీచప్పుడు లేకుండానో పెట్టేస్తుంది. అందుకే తొమ్మిది దాటేదాకా తలుపు తీయకూడదు. ముందే వదిలితే కాలువ గట్టునో నీళ్లలోనో గుడ్డు జారవిడుస్తుంది. మూడు బాతులకో పెట్టె చొప్పున గోడ వారగా నేల మీదే పెట్టి, అందులో ఊక వేస్తే శుభ్రమైన గుడ్లు దొరుకుతాయి.

ఇంగ్లండ్‌లో రూపుదిద్దుకున్న ఖాకీ క్యాంప్‌బెల్ ఐదారు నెలల వయసులో మొదలుపెట్టి, మంచి మేతతో ఏడాదికి 250కి పైగా పెడుతుంది. గుడ్డు 65 గ్రాములకు అటూ ఇటూ తూగుతుంది. నాటు కోడి పదీ పదిహేను పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. ఈ బాతుకు పొదిగే గుణం దాదాపు లేదు. పిల్లలు కావాలంటే గుడ్లను పొదుగు కోడి కింద పెట్టాలి. అయితే కోడిగుడ్డుకు 21 రోజులైతే దీనికి 28. తినే గుడ్ల కోసమైతే మగబాతు అక్కర్లేదు. కోళ్లతో కలిపి ఉంచితే మగబాతు కోడిపెట్టలను గాయపరుస్తుంది కూడా.

ఇరవై బాతులకు రోజుకు సుమారు 3 కిలోల దాణా కావాలి. మళ్లలో నత్తలు, పురుగులు దొరికితే ఆ మేరకు తగ్గుతుంది. కోళ్లను ఊడ్చేసే కొక్కెర తెగులును బాతులు చాలావరకు తట్టుకుంటాయి కానీ డక్ ప్లేగుకు తట్టుకోలేవు. దానికి టీకా వేయించాలి. అంతకంటే నిత్యం భయపడాల్సింది బూజుకు. తడిసిన మొక్కజొన్నలో, వేరుశనగ చెక్కలో పట్టే బూజు నుంచి వచ్చే అఫ్లాటాక్సిన్ కోడి కంటే బాతును చాలా తక్కువ మోతాదులోనే చంపుతుంది. 1960లో ఇంగ్లండ్‌లో టర్కీ కోళ్లతో పాటు బాతుపిల్లలూ పెద్ద ఎత్తున చచ్చిపోతే, కారణం వేరుశనగ చెక్కలోని ఈ విషమేనని ఆ తర్వాత తేలింది. చెక్క ముద్దలు కట్టినా, ముక్క వాసన వచ్చినా కోళ్లకు వేద్దామని కూడా ఉంచకండి, పారేయండి. తడిపిన దాణా కూడా పూటకు సరిపడానే కలపాలి. వేసవిలో మధ్యాహ్నానికే పులిసిపోతుంది.

బాతులు కొనే ముందు రెండే విషయాలు తేల్చుకోండి. బాతుగుడ్డు తినే ఇళ్లు, కొనే దుకాణాలు మీ చుట్టుపక్కల ఉన్నాయా? రోజూ నూరు లీటర్ల పైబడిన మురికినీరు పోయే దారి మీ పెరట్లో ఉందా? రెండోదానికి లేదని జవాబొస్తే కోళ్లే పెంచుకోండి.