మూడు నిమిషాల్లో ఊరు దాటాలి

స్లామ్ కవితా పోటీకి పుట్టిల్లు షికాగో. మార్క్ స్మిత్ అనే కవి 1980ల్లో అక్కడ మొదలుపెట్టాడు. ప్రేక్షకుల్లోంచే ఎంచుకున్న ఐదుగురు ఒక్కొక్కరు 10కి ఇన్ని అని మార్కులు వేస్తారు. ఎక్కువదీ తక్కువదీ తీసేసి మిగిలిన మూడూ కలుపుతారు. సమయం మూడు నిమిషాలు. అమెరికాలో స్థిరపడిన నియమం ప్రకారం మరో 10 సెకన్లు చూసీచూడనట్టు వదిలేస్తారు. ఆపైన ప్రతి 10 సెకన్లకు అర మార్కు కోత. కవితకు ముందు చెప్పే ముచ్చట కూడా లెక్కలోకే వస్తుంది.

జగిత్యాల వైపు నుంచి దుబాయ్ పోయిన ఒకడి కవిత తీసుకుందాం. మొదటి ప్రతిని పైకి చదివితే 3 నిమిషాల 40 సెకన్లు పట్టింది. అంటే ఒకటిన్నర మార్కు పోయినట్టే. వేగంగా చదివేస్తే సరిపోదా అనిపిస్తుంది. కానీ తెలుగు మాట పొడుగు. పరుగెత్తితే క్రియాపదం చివర నలిగిపోతుంది, పోయింది ఎవరో వినేవాడికి అందదు.

అందుకే గడియారం పట్టుకుని ఒక్కో భాగాన్నీ కొలవాలి. కరువు, బోర్లు, అప్పులు 40 సెకన్లు, అమ్మ తొక్కు కట్టివ్వడం 25, బస్టాండు 30, విమానాశ్రయం 50, దుబాయ్ గది 55, చివర్లో వలస గురించి వ్యాఖ్యానం 20. కథ ఎక్కడుందో, సమయం ఎక్కడ పోతోందో ఈ లెక్కే చెబుతుంది.

కరువు భాగం ఒక్క వాక్యానికి దిగింది: ‘మూడు బోర్లు ఎండినయ్, నాలుగోది నన్ను దించిన్రు.’ పది సెకన్లు చాలు. విమానాశ్రయం అందరూ చూసిందే కాబట్టి పదిహేను సెకన్లు ఇచ్చాం. తొక్కు భాగాన్ని మాత్రం 35కి పెంచాం. ‘బిడ్డా, నూనె పైకి తేలేటట్టు పెట్టిన, బూజు పట్టది’ అంటుంది అమ్మ. ఏడవదు. ఆ మాట తర్వాత ఆగాలి.

చివరి వ్యాఖ్యానం పూర్తిగా పోయింది. గదిలో సంచి విప్పితే డబ్బా కారి, అంగీ మీద నూనె మరక. ఎన్నిసార్లు ఉతికినా పోదు. వేదిక మీదికి వస్తువులు తేకూడదు గనుక ఆ అంగీని చూపించలేం. మాటతోనే కనిపించాలి. మొదట కట్టిన డబ్బానే చివర కారుతుంది, కాబట్టి వేరే ముగింపు అక్కర్లేదు.

ఇప్పుడు మాటలకు 145 సెకన్లు. మౌనాలకు, మధ్యలో చప్పట్లకు 20. మొత్తం 2 నిమిషాల 45.

ఒంటరిగా గదిలో సరిగ్గా మూడు నిమిషాలు వచ్చిన కవిత వేదిక మీద దాటిపోతుంది. నలుగురి ముందు నిలబడి చదివి, అప్పుడు గడియారం చూడండి.