మూడు నెలల తర్వాతి మాట ఇవాళే రాసి పెట్టుకోవచ్చు

టెలిగ్రామ్‌లో మెసేజ్ రాశాక పంపే బాణం గుర్తును అందరం ఒకసారి తాకి వదిలేస్తాం. వదలకుండా కాసేపు నొక్కి పట్టుకుంటే చిన్న మెనూ తెరుచుకుంటుంది. అందులో Send Without Sound, Schedule Message అని కనిపిస్తాయి. మొదటిది 2019 ఆగస్టులో వచ్చింది, రెండోది ఆ మరుసటి నెలలో. ఇన్నేళ్లయినా వీటిని వాడేవాళ్లు నాకు తక్కువమందే తారసపడ్డారు. ఇంట్లో పనులు గుర్తుపెట్టుకునే బాధ్యత నెత్తిన ఉన్నవాళ్లకు మాత్రం ఇవి ఎంతో అక్కరకొస్తాయి.

అసలు ఉపయోగం Saved Messages అనే చాట్‌లో ఉంది. పైన వెతికే చోట ఆ పేరు కొడితే వస్తుంది. అది మీకు మీరే రాసుకునే చాట్, అవతల ఎవరూ ఉండరు. అక్కడ ఏదైనా రాసి బాణాన్ని నొక్కి పట్టుకుంటే Schedule Message ఉండాల్సిన చోట Set a Reminder అని ఉంటుంది. తేదీ, సమయం ఎంచుకుంటే సరి, ఆ వేళకు మీ మాటే మీకు మెసేజ్‌గా వస్తుంది.

మా పిన్నికి షుగర్. మూడు నెలలయ్యాక పరగడుపున రక్తపరీక్ష చేయించుకుని రమ్మన్నారు డాక్టరు. ఆ చీటీని ఫోటో తీసి Saved Messages‌లో పెట్టి, కింద ‘రేపు పొద్దున షుగర్ టెస్ట్. రాత్రి భోజనం తర్వాత మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు’ అని రాశాం. రిమైండర్‌ను పరీక్ష రోజుకు పెట్టలేదు, ముందురోజు సాయంత్రం ఆరింటికి పెట్టాం. పొద్దున ఏడింటికి మోగితే లాభం లేదు, అప్పటికి ఆవిడ కాఫీ తాగడం అయిపోతుంది. రిమైండర్‌తో పాటు చీటీ ఫోటో కూడా వస్తుంది కాబట్టి ల్యాబ్ దగ్గర ఏ పరీక్షలో వెతుక్కునే పని ఉండదు. గుర్తు చేసే వేళను పని జరిగే వేళకు కాకుండా, పనికి సిద్ధపడాల్సిన వేళకు పెట్టుకోవాలి. కరెంటు బిల్లుకైనా బీమా ప్రీమియానికైనా ఇదే లెక్క.

ఇలా పెట్టినవన్నీ టెలిగ్రామ్ సర్వర్‌లో ఉంటాయి. పెట్టేటప్పుడు నెట్ ఉంటే చాలు, ఆ తర్వాత మీ ఫోన్ ఆఫ్‌లో ఉన్నా వేళకు మెసేజ్ వెళ్తుంది. ఏడాది ముందు వరకే పెట్టుకోగలం. ఒక్కో చాట్‌లో వంద వరకు పెట్టవచ్చు. సీక్రెట్ చాట్‌లో ఈ సదుపాయం లేదు. పెట్టినవి ఉన్నప్పుడు, రాసే చోటు పక్కనే ఒక చిన్న గుర్తు కనిపిస్తుంది. దాన్ని తాకితే అన్నీ ఒకచోట వస్తాయి. అక్కడే సమయం మార్చవచ్చు, తీసేయవచ్చు. ఇతరులకు పెట్టినవాటిని అప్పుడప్పుడు ఇలా చూసుకోవడం అవసరం. కార్యక్రమం వాయిదా పడిన సంగతి టెలిగ్రామ్‌కు తెలియదు, ‘అందరూ పదింటికల్లా రండి’ అన్న మెసేజ్‌ను గ్రూపులో వేసేస్తుంది.

ఇక శబ్దం లేకుండా పంపడం. మెసేజ్ ఎప్పటిలాగే చేరుతుంది, నోటిఫికేషన్ కూడా కనబడుతుంది, మోత మాత్రం ఉండదు. పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులకు ఇది బాగా పనికొస్తుంది. మనకు మధ్యాహ్నం రెండయితే డాలస్‌లో వేసవిలో తెల్లవారుజామున మూడున్నర. అప్పుడు పంపాలనిపించిన ఫోటోను Send Without Sound‌తో పంపితే కొడుకు నిద్ర చెడదు. అదే పుట్టినరోజు శుభాకాంక్షలు అక్కడి అర్ధరాత్రికి సరిగ్గా చేరాలంటే షెడ్యూల్ చేయాలి. సమయం మాత్రం మన ఫోన్ గడియారం ప్రకారం పెట్టాలి: వేసవిలో మన ఉదయం పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. వాళ్ల గడియారం చూసి పన్నెండు అని పెడితే రోజే మారిపోతుంది.

రిమైండర్ అలారంలా ఆగకుండా మోగదు. మామూలు మెసేజ్‌లా ఒక్కసారి చప్పుడు చేసి ఊరుకుంటుంది. రోజూ వేసుకునే మాత్రలకు, తెల్లవారుజాము రైలుకు దీన్ని నమ్ముకోవద్దు. ఇంకొకటి, Saved Messages‌లో రాసినవి టెలిగ్రామ్ క్లౌడ్‌లో ఉంటాయి, మీరు లాగిన్ అయి వదిలేసిన కంప్యూటర్‌లోనూ తెరుచుకుంటాయి. ఏటీఎం పిన్, పాస్‌వర్డ్‌లు అక్కడ రాయకండి.

ముఖ్యమైన పని అప్పగించే ముందు, ఐదు నిమిషాల తర్వాతకు ఒక రిమైండర్ పెట్టి ఫోన్ లాక్ చేసి పక్కన పెట్టండి. మోగకపోతే ఫోన్ సెట్టింగ్స్‌లో టెలిగ్రామ్ నోటిఫికేషన్లు ఆన్‌లో ఉన్నాయో లేదో, బ్యాటరీ ఆదా కోసం ఫోన్ ఆ యాప్‌ను ఆపేస్తోందేమో చూడండి.