మొదటి రోజు అరమండి

డాన్స్ స్కూళ్ల రీల్స్ చాలావరకు ఒకేలా మొదలవుతాయి. నగలు, గజ్జెలు, స్టేజీ మీద ఆరితేరిన అమ్మాయి. చూసినవాళ్లు లైక్ కొట్టి, "ఇది మనవల్ల ఎక్కడవుతుందిలే" అనుకుని తర్వాతి రీల్‌కు వెళ్లిపోతారు. ట్రయల్ క్లాసుకు రావాల్సింది అలా అనుకునేవాళ్లే. కాబట్టి చూపించాల్సింది కూడా వాళ్లలాంటి మనిషినే.

కూచిపూడి క్లాసు కోసం 40 సెకన్ల స్క్రిప్టు రాద్దాం. నేర్చుకునేది 35 ఏళ్ల ఉద్యోగిని అనుకోండి.

మొదటి 3 సెకన్లు లోగో వద్దు, దీపారాధన వద్దు. చుడీదారు, నడుముకు బిగించి కట్టిన చున్నీ, నేల మీద రెండు పాదాలు. గురువుగారు "అరమండి" అంటారు. ఆమె మోకాళ్లు పక్కలకు విచ్చుకోకుండా ముందుకే వంగుతాయి, నడుము వెనక్కి పోతుంది. తెర మీద "మొదటి రోజు" అని పడుతుంది. ఆ అక్షరాలు మరీ కింద పెడితే అకౌంటు పేరు వాటిని కప్పేస్తుంది, కాస్త పైనే ఉంచాలి.

ఫోను మోకాలి ఎత్తులో స్టాండుకు పెట్టాలి. నిలబడి పైనుంచి తీస్తే అరమండిలో తప్పు, ఒప్పు ఒకేలా కనిపిస్తాయి. స్టాండు పెట్టిన చోట నేల మీద టేపు ముక్క అంటించండి. నెల తర్వాత, మూడు నెలల తర్వాత మళ్లీ అక్కడి నుంచే తీయాలి.

తర్వాతి 25 సెకన్లూ ఒకే అడుగు, మూడుసార్లు. మొదటి రోజు గురువుగారి కర్ర దెబ్బ పడ్డాక ఎప్పటికో పాదం పడుతుంది. నెలకు మొదటి కాలం కుదురుతుంది, రెండో కాలంలో తడబడి నవ్వేస్తుంది. ఆ నవ్వు కత్తిరించకండి, రీల్‌కు ప్రాణం అదే. మూడో నెలలో రెండో కాలం నిలుస్తుంది, కర్రా పాదమూ ఒకే చప్పుడుగా వినిపిస్తాయి. మూడో కాలం ఇంకా రాలేదు, వచ్చినట్టు వీడియో వేగం పెంచడం మోసం. సినిమా పాట అతికిస్తే ఈ చప్పుడు తేడా చెవికి అందదు. పైగా బిజినెస్ అకౌంట్లకు ఇన్‌స్టాగ్రామ్‌లో చాలా పాటలు దొరకవు. క్లాసులో రికార్డయిన శబ్దమే వాడుకుంటే సరి. పిల్లల్ని చూపిస్తే మాత్రం తల్లిదండ్రుల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి.

మిగిలిన 12 సెకన్లు పిలుపు. "తప్పక రండి" అంటే ఎవరూ రారు. ఎప్పుడు, ఏం వేసుకుని, ఎంతసేపు అనేది చెప్పాలి. చెమట తుడుచుకుంటూ ఆమే చెప్పాలి:

"ఆదివారం పొద్దున 7 గంటలకు గంటసేపు ఉచిత క్లాసు. గజ్జెలు అక్కర్లేదు, వదులు చుడీదారు చాలు. మోకాలి నొప్పి ఉంటే ముందే చెప్పండి. తర్వాత చేరాలనిపిస్తే ఫీజు ఎంతో కింద రాశాం."